ఐదు లక్షల పాలసీలో నాలుగు లక్షలకే చెయ్యి దులిపేసుకుంటే ఎలా? శ్రీకాకుళం నుంచి ఒక బహిరంగ లేఖ

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి సంస్థ (ఐఆర్‌డీఏఐ) చైర్మన్ గారికి,
ఆరోగ్య బీమా కంపెనీల అధిపతులకు,

నమస్కారం.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. మా అమ్మకు జరిగిన బైపాస్ ఆపరేషన్ క్లెయిము గురించి మా బీమా కంపెనీకి రాశాను. వాళ్ల ఫిర్యాదుల విభాగానికీ రాశాను. ‘పాలసీ నిబంధనల ప్రకారమే చెల్లించాం’ అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఏ నిబంధన, ఏ లెక్క అని అడిగితే ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఇలా నలుగురిలో పెట్టి అడగాల్సి వస్తోంది. మా కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక కంపెనీతో పోయే సమస్యయితే ఈ లేఖ అవసరమే ఉండేది కాదు.

ముందు మా ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి విడతలో ఎంచుకున్న మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. కార్డు చూపిస్తే ఆ జబ్బుకు ప్యాకేజీ ఎంతో అంతా పథకమే కట్టడం ఇక్కడి జనం కళ్లారా చూశారు. ‘ఇందులో మీ వాటా ఇరవై శాతం’ అన్న మాట అందులో లేదు. ఆ పథకంలోకి రాని చిన్న ఉద్యోగులు, ప్రైవేటు టీచర్లు, కొట్టు పెట్టుకున్నవాళ్లు ప్రైవేటు పాలసీ కొనేటప్పుడు కూడా అదే నమ్మకంతో కొంటారు. కార్డు మీద ఐదు లక్షలని ఉంటే, ఐదు లక్షల దాకా మనకు బెంగ లేదనుకుంటారు. డిశ్చార్జి రోజున ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర నిలబడినప్పుడు గానీ కో-పేమెంట్ అంటే క్లెయిములో మనం భరించాల్సిన శాతమని, డిడక్టిబుల్ అంటే కంపెనీ కంటే ముందు మనమే కట్టుకోవాల్సిన మొత్తమని తెలియడం లేదు. అప్పటికి చేతిలో బిల్లు ఉంటుంది, డబ్బు ఉండదు.

జరిగిన విషయాలు వరుసగా రాస్తాను.

1. కో-పేమెంట్ దేని మీద కొయ్యాలి?

మాది ఐదు లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్. అంటే ఆ ఐదు లక్షలూ ఇంట్లో అందరికీ కలిపి. అమ్మకు అరవై దాటాక పాలసీలో చేర్చాం కాబట్టి ఆమె క్లెయిములకు 20 శాతం కో-పేమెంట్ ఉంది. ఆ సంగతి మాకు తెలుసు. ఒప్పుకునే సంతకం పెట్టాం. ఇరవై శాతం మేం కట్టుకోవడం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

విశాఖలో ఆపరేషన్ అయింది. మొత్తం బిల్లు 7,20,000 రూపాయలు. అందులో గది అద్దె ఎనిమిది రోజులకు, రోజుకు 8,000 చొప్పున 64,000. ఐసీయూ 45,000. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, డాక్టర్ల విజిట్లు కలిపి 3,20,000. మందులు, పరీక్షలు, లోపల వాడిన పరికరాలు 2,71,000. గ్లవ్స్, రిజిస్ట్రేషన్ లాంటి, కంపెనీ ఇవ్వని ఖర్చులు 20,000.

కంపెనీ ఈ బిల్లులో కొన్ని కోతలు పెట్టి, 5,56,000 రూపాయలు అంగీకరించదగిన మొత్తమని తేల్చింది. ఆ కోతల సంగతి రెండో అంశంలో చెబుతాను. ఆ తర్వాత కంపెనీ చేసిన లెక్క ఇది. ‘బీమా మొత్తం ఐదు లక్షలే కాబట్టి 5,56,000ను 5,00,000కు కుదించాం. అందులో 20 శాతం కో-పేమెంట్ లక్ష. మీకు చెల్లించేది 4,00,000.’

ఇందులో తప్పంతా వరుసలోనే ఉంది. 2016లో మీ సంస్థ జారీ చేసిన ప్రామాణిక నిర్వచనాల్లో కో-పేమెంట్ అంటే అంగీకరించదగిన క్లెయిము మొత్తంలో పాలసీదారు భరించే శాతం అని ఉంది. దాని వెంటనే, కో-పేమెంట్ వల్ల బీమా మొత్తం తగ్గదని కూడా ఉంది. ఆ నిర్వచనం ప్రకారం లెక్క ఇలా సాగాలి. అంగీకరించదగిన మొత్తం 5,56,000. అందులో మా 20 శాతం 1,11,200. మిగిలింది 4,44,800. ఇది ఐదు లక్షల లోపే ఉంది కాబట్టి మొత్తం కంపెనీ కట్టాలి. తేడా 44,800 రూపాయలు.

కంపెనీ లెక్కలో మా మీద పడింది 5,56,000లో 1,56,000. అంటే 28 శాతం. పాలసీ కాగితం మీద మాత్రం ఇరవై అనే ఉంది.

ఈ తప్పును పట్టుకోవడానికి ఎవరైనా అడగగలిగిన ప్రశ్న ఒకటుంది. చెల్లింపు అయ్యాక ఈ ఏడాదికి పాలసీలో ఎంత మిగిలిందని అడగాలి. మేం అడిగితే సున్నా అన్నారు. కంపెనీ మాకిచ్చింది నాలుగు లక్షలు. ఐదు లక్షల పాలసీలో నాలుగు లక్షలు పోతే సున్నా ఎలా అవుతుంది? మిగిలిన లక్ష మా కో-పేమెంట్ కింద పోయిందంటే, కో-పేమెంట్ బీమా మొత్తాన్ని తగ్గించినట్టే కదా. అది మీ నిర్వచనానికి విరుద్ధం. కాదు, లక్ష మిగిలే ఉందంటే, పరిమితి దాటకుండానే పరిమితి పేరు చెప్పి మా డబ్బు ఆపినట్టు. ఈ రెండింట్లో ఏది నిజమో చెప్పమని రాతపూర్వకంగా అడిగాను. జవాబు లేదు.

బిల్లు బీమా మొత్తం లోపలే ఉంటే ఈ వరుస తేడాతో నష్టం రాదు. రెండు లక్షల బిల్లుకు ఎటు లెక్కగట్టినా 1,60,000 వస్తుంది. పరిమితిని మించిన బిల్లుల్లోనే దెబ్బ తగులుతుంది. అంటే బైపాస్, క్యాన్సర్, తలకు దెబ్బ తగిలిన యాక్సిడెంట్ లాంటివి. మనిషి పాలసీ కొనుక్కునేదే ఆ రోజు కోసం.

కొన్ని పాలసీల్లో కో-పేమెంట్ ‘అంగీకరించదగిన మొత్తంపై’ అని, కొన్నింటిలో ‘చెల్లించవలసిన మొత్తంపై’ అని, కొన్నింటిలో రెండు మాటలూ కలిపి రాస్తున్నారు. బీమా ఒప్పందంలో మాట రెండు రకాలుగా అర్థమవుతున్నప్పుడు పాలసీదారుకు మేలయ్యే అర్థమే తీసుకోవాలని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. క్లెయిము చూసే బల్ల దగ్గర మాత్రం అది తలకిందులుగా జరుగుతోంది.

2. బీమా మొత్తం గది అద్దెను కూడా నిర్ణయిస్తుంది. గది అద్దె మిగతా బిల్లును కోసేస్తుంది

బీమా మొత్తం అంటే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అనే అందరూ అనుకుంటారు. చాలా పాలసీల్లో దానికి ఇంకో పని కూడా ఉంది. మా పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం, అంటే 5,000. మూడు లక్షల పాలసీ ఉన్నవాళ్లకు అదే 3,000. అమ్మను చేర్చిన రోజు షేరింగ్ గదులు ఖాళీ లేవన్నారు. గుండె నొప్పితో ఉన్న మనిషిని పట్టుకుని 5,000 గది కోసం ఊరంతా తిరగలేం కదా. 8,000 గది తీసుకున్నాం.

రోజుకు మూడు వేల తేడా, ఎనిమిది రోజులకు 24,000 మేం పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాం. ఇంట్లో ఎవరిని అడిగినా అలాగే అనుకుంటారు. కానీ ఐదుకు ఎనిమిది నిష్పత్తిలో, అంటే 62.5 శాతమే ఇస్తామని, సర్జన్ ఫీజు నుంచి నర్సింగ్ దాకా 3,20,000 రూపాయల మీద కూడా కోత పెట్టారు. అక్కడ 1,20,000 పోయింది. గది కోసం ఎక్కువైన 24,000తో కలిపి 1,44,000. కంపెనీ ఇవ్వని 20,000 కూడా తీసేస్తే 7,20,000 కాస్తా 5,56,000 అయింది అలాగే.

ఈ నిష్పత్తి కోత మీద మీ సంస్థ 2020లోనే హద్దులు గీసింది. మందులు, వినియోగ వస్తువులు, శరీరంలో అమర్చే పరికరాలు, పరీక్షల మీద అది పెట్టకూడదు. ఐసీయూ ఛార్జీల మీద పెట్టకూడదు. గది రకాన్ని బట్టి డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీ మారని ఆసుపత్రిలో అసలు పెట్టకూడదు. మొదటి రెండూ మా కంపెనీ పాటించింది. మూడోది చూడనే లేదు.

మేం ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో అడిగాం. “మాస్టారూ, మా దగ్గర ఈ ఆపరేషన్‌కి సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ ఏ రూములో ఉన్నా ఒకటేనండి. నర్సింగ్ కూడా అంతే. కావాలంటే రేట్ల కాగితం ఇస్తాను” అని అక్కడి అమ్మాయి ప్రింటు తీసి, ఆసుపత్రి స్టాంపు వేసి ఇచ్చింది. జనరల్ వార్డు, షేరింగ్, సింగిల్ అని పక్కపక్కనే మూడు గడులున్నాయి. గది అద్దె వరుసలో మూడు అంకెలూ వేరు. దాని కింద సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్ వరుసల్లో మూడు గడుల్లోనూ ఒకే అంకె. ఆ కాగితం కంపెనీకి పంపాం. దాని ఊసే ఎత్తకుండా వచ్చింది పైన చెప్పిన ఒక్క వాక్యం జవాబు.

ఆ కాగితం ప్రకారం అంగీకరించదగిన మొత్తం 6,76,000 కావాలి. అందులో మా ఇరవై శాతం 1,35,200 పోతే 5,40,800. బీమా మొత్తం ఐదు లక్షలు కాబట్టి కంపెనీ పూర్తిగా 5,00,000 కట్టాలి. మిగిలిన 2,20,000 మా బాధ్యత, కట్టుకుంటాం. వచ్చింది నాలుగు లక్షలు. తక్కువైన లక్ష మా తమ్ముడు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు వడ్డీకే పోతోంది. మా పాలసీ ప్రీమియం అంతకంటే ఎంతో ఎక్కువేమీ కాదు.

3. డిడక్టిబుల్ ఒక్కో అడ్మిషన్‌కా, ఏడాదికా?

ఇది నరసన్నపేటలో చిన్న బట్టల కొట్టు పెట్టుకున్న మా బంధువుల సంగతి. ఏజెంటు వాళ్లకు పది లక్షల టాప్-అప్ పాలసీ ఇచ్చాడు, మూడు లక్షల డిడక్టిబుల్‌తో. “మూడు లక్షల దాకా మీరు చూసుకోండి, ఆ పైన పది లక్షల దాకా కంపెనీ చూసుకుంటుంది” అన్నాడు. ప్రీమియం తక్కువ. మూడు లక్షలంటే ఎలాగోలా సర్దుకోగలమని ధైర్యంగా తీసుకున్నారు.

ఆయనకు పక్షవాతం వచ్చింది. మొదటిసారి 2,20,000 అయింది. మూడు నెలలు దాటాక మళ్లీ చేర్చాల్సి వచ్చింది. అప్పుడు 2,60,000. మొత్తం 4,80,000 కదా, మూడు పోగా 1,80,000 వస్తుందని ఆశపడ్డారు. రూపాయి రాలేదు. మామూలు టాప్-అప్‌లో డిడక్టిబుల్ ప్రతి క్లెయిముకూ కొత్తగా మొదలవుతుంది. రెండు బిల్లుల్లో ఏదీ విడిగా మూడు లక్షలు దాటలేదు. ఏడాది ఖర్చంతా కలిపి చూసేది సూపర్ టాప్-అప్. అదే తీసుకుని ఉంటే ఆ 1,80,000 వచ్చేది. అదే జబ్బు 45 రోజుల్లోపు తిరగబెడితే ‘ఒకే అనారోగ్యం’ అన్న నిర్వచనం కిందికి వచ్చే అవకాశం ఉంది. వీళ్ల విషయంలో ఆ గడువు దాటిపోయింది.

ఇక్కడ కంపెనీ లెక్క తప్పలేదు. పాలసీ అమ్మిన పద్ధతి తప్పు. పదేపదే ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బులకు ఒక్కో క్లెయిముకు లెక్కించే డిడక్టిబుల్ ఎంత ప్రమాదమో కిడ్నీ జబ్బులతో అల్లాడుతున్న ఉద్దానం ఉన్న జిల్లాలో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. కవిటిలోనో సోంపేటలోనో ఇలాంటి పాలసీ అమ్మితే, చిన్న చిన్న బిల్లులు ఏడాది పొడవునా వచ్చే రోగికి అది ఒక్కసారి కూడా అక్కరకు రాకపోవచ్చు. అయినా కవరు మీద ‘టాప్-అప్’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. డిడక్టిబుల్ దేనికి లెక్కిస్తారన్నది లోపల ఎక్కడో ఉంటుంది.

4. మాలాంటి జిల్లాలవాళ్లకు జోన్ కో-పేమెంట్ అని ఇంకొకటి ఉంది. కొన్ని పాలసీల్లో చిన్న ఊరి చిరునామాకు ప్రీమియం తక్కువ వేస్తారు. పెద్ద నగరంలో వైద్యం చేయించుకుంటే పదో, ఇరవయ్యో శాతం మనమే కట్టాలి. విశాఖ ఏ జోన్‌లో ఉంది, హైదరాబాద్ ఏ జోన్‌లో ఉంది అన్నది కంపెనీని బట్టి మారుతుంది. పెద్ద ఆపరేషన్ అంటే శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఎక్కువమంది బయటి ఊరికే పోతారని అమ్మేవాళ్లకూ తెలుసు.

ఇవీ మా డిమాండ్లు.

1. క్లెయిము లెక్క ఏ వరుసలో వెయ్యాలో ఐఆర్‌డీఏఐ ఒక సర్క్యులర్‌తో తేల్చాలి. ముందు ఇవ్వని ఖర్చులు, గది, ఇతర ఉప పరిమితులు, తర్వాత డిడక్టిబుల్, తర్వాత కో-పేమెంట్, అన్నిటికంటే చివర బీమా మొత్తం. డిడక్టిబుల్, కో-పేమెంట్ రెండూ ఉన్న పాలసీల్లోనూ ఈ వరుస ముఖ్యమే. మూడు లక్షల బిల్లులో ముందు 50,000 డిడక్టిబుల్ తీసి తర్వాత 20 శాతం కోస్తే 2,00,000 వస్తుంది. ముందు 20 శాతం కోసి తర్వాత 50,000 తీస్తే 1,90,000 వస్తుంది. ఈ పదివేలు ఎవరివన్నది క్లెయిము చూసే ఉద్యోగి ఇష్టానికి వదలకూడదు.

2. నిష్పత్తి కోత పెట్టే ముందు, ఆ ఆసుపత్రి గదిని బట్టి రేట్లు మారుస్తుందని నిరూపించే బాధ్యత కంపెనీదే కావాలి. రేట్ల పట్టిక తెప్పించుకుని, దాని నకలు పాలసీదారుకు ఇవ్వాలి. అది లేకపోతే కోత చెల్లదు.

3. క్లెయిములో కొంత తగ్గించినా, ఏ నిబంధన కింద తగ్గించారో పూర్తి వివరాలతో తెలపాలని 2024 మే నాటి మీ మాస్టర్ సర్క్యులరే చెబుతోంది. అది అమలు కావాలంటే చెల్లింపు పత్రంలో అంకెలు మెట్టు మెట్టుగా ఉండాలి. బిల్లు ఎంత, ప్రతి కోతా ఏ నిబంధన కింద, మిగిలిన బీమా మొత్తం ఎంత అన్నది ఒకే పేజీలో, తెలుగులో రావాలి.

4. పాలసీతో పాటు ఇచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ 2024 జనవరి నుంచి కొత్త రూపంలో వస్తోంది. కోరితే స్థానిక భాషలో ఇవ్వాలన్న నియమం ఉంది. కోరాలన్న సంగతే తెలియనివాళ్లు ఎలా కోరతారు? తెలుగు రాష్ట్రాల్లో అడగకుండానే తెలుగు ప్రతి ఇవ్వాలి. లక్ష, ఐదు లక్షలు, పది లక్షల బిల్లు వస్తే ఈ పాలసీలో కంపెనీ ఎంత కడుతుంది, కుటుంబం ఎంత కడుతుందన్న మూడు లెక్కలు మొదటి పేజీలోనే ఉండాలి.

5. టాప్-అప్ పాలసీల పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో ‘డిడక్టిబుల్ ప్రతి క్లెయిముకూ’ అనో, ‘డిడక్టిబుల్ ఏడాదికి ఒక్కసారే’ అనో అచ్చు వెయ్యాలి.

6. బీమా మొత్తానికి కుదించాక కో-పేమెంట్ కోసిన పాత క్లెయిములను కంపెనీలు తమంతట తామే తిరిగి లెక్కగట్టి, బాకీ తేలితే వడ్డీతో ఇవ్వాలి. ఆ జాబితా కంపెనీల కంప్యూటర్లలోనే ఉంది. జనం ఒక్కొక్కరూ వచ్చి అడగాల్సిన పని లేదు.

ఈ లేఖ చదువుతున్న సాటి పాలసీదారులకు కూడా నాలుగు మాటలు. కొత్త పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆ లోపు కో-పేమెంట్ శాతం, గది పరిమితి, డిడక్టిబుల్, జోన్, ఈ నాలుగూ వెతికి చూడండి. ఇప్పటికే క్లెయిము తక్కువొచ్చి ఉంటే అంకెలతో కూడిన చెల్లింపు పత్రం, మిగిలిన బీమా మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడగండి. ఆసుపత్రి దగ్గర రేట్ల కాగితం తీసుకోండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. తర్వాత bimabharosa.irdai.gov.in లో గానీ, 155255 నంబరుకు గానీ ఫిర్యాదు చెయ్యవచ్చు. నెల దాటినా కంపెనీ జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు సరిగా లేకపోతే, బీమా ఫిర్యాదులపై తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు పెట్టుకోవచ్చు. మన రాష్ట్రం హైదరాబాద్ కార్యాలయం పరిధిలోకి వస్తుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. cioins.co.in లో ఇంటి నుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం వాళ్లకుంది. మా అమ్మ క్లెయిము కాగితాలు కూడా అక్కడికే పంపుతున్నాను.

చైర్మన్ గారూ, అంబుడ్స్‌మన్ తీర్పు మా ఒక్క కుటుంబానికే వర్తిస్తుంది. వరుస ఏదో తేల్చి చెప్పే సర్క్యులర్ ఇవ్వాల్సింది మాత్రం మీరే. మొదటి డిమాండుపై మీ నిర్ణయం ఏదైనా సరే, దాన్ని రాతపూర్వకంగా ప్రకటించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాలసీదారు,
శ్రీకాకుళం